బిడ్డకు విరేచనం గట్టిగా అవుతున్నప్పుడు: తిండి లోపమా, మరేదైనా ఉందా?



ఒక పల్లెటూరి సహోదరి వ్రాసిన ఉత్తరంలోని సంగతులు ఈ నెల మీ ముందుంచుతున్నాను. ఊరు, పేరు చెప్పను. చాలా ఇళ్ళలో ఉన్న బాధే గనుక ఎవరి ఉత్తరమైనా ఇలాగే ఉండేది.

ఆమె కుమారునికి నాలుగేళ్ళు, బరువు 14 కిలోలు. ఐదారు రోజులకొకసారి గాని దొడ్డికి వెళ్ళడు. వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకైనా కష్టమనిపించేంత లావుగా, రాయిలా వస్తుంది. ఒక్కోసారి మేక పెంటికల్లా ఉండలుండలుగా పడుతుంది. మలం పైన ఎర్రటి రక్తపు చార కనబడుతుంది. బొడ్డు చుట్టూ నొప్పి అని సాయంత్రాలు ఏడుస్తాడు, అన్నం సరిగా తినడు. ఈ మధ్య రెండు నెలలుగా నిక్కరుకు కొద్దికొద్దిగా పల్చటి మలం అంటుకుంటోంది. "వీడికి విరేచనాలు పట్టాయి" అని నాయనమ్మ అన్నారు. ఊళ్ళోని ఆర్.ఎం.పి. గారు విరేచనాలు కట్టే మందు ఇచ్చారు. దానితో బాధ ఇంకా ఎక్కువైంది. తర్వాత నులిపురుగుల మాత్ర వేశారు, ఆముదం పట్టారు. "వీడి పేగులో ఏదైనా అడ్డం ఉందేమోనని భయంగా ఉంది. ఆపరేషను చేయించాలా? లేక మేము పెట్టే తిండిలోనే లోపమా?" అని ఆమె అడుగుతున్నారు.

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకేచోట దొరుకుతుంది. అది స్కానింగులో కాదు, బిడ్డ పుట్టినప్పటి నుండి ఏం జరిగిందో తల్లి చెప్పే మాటలో. అందుకే డాక్టరు మొదట అడగవలసిన ప్రశ్న ఇది: పుట్టిన తర్వాత నల్లటి, తారులాంటి మొదటి మలం ఎప్పుడు అయింది? నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన బిడ్డల్లో ఎక్కువమందికి అది మొదటి 24 గంటల్లోనే అవుతుంది, దాదాపు అందరికీ 48 గంటల్లోపు అయిపోతుంది. రెండవ ప్రశ్న: ఈ బాధ ఏ వయస్సులో మొదలైంది? నెల నిండకముందే మొదలైతే ఒక దారి. ఏడాదిన్నర, రెండేళ్ళ వరకు చక్కగా ఉండి తర్వాత మొదలైతే మరొక దారి.

ఈ సహోదరి ఉత్తరంలో ఆ రెండూ ఉన్నాయి. బాబు పుట్టిన రోజు సాయంత్రమే నల్లటి మలం అయింది. రెండున్నరేళ్ళ వరకు రోజూ మెత్తగా అయ్యేది. అప్పుడు వారం రోజులు జ్వరం వచ్చింది. తిండి లేదు, నీళ్ళు తక్కువ. జ్వరం తగ్గాక గట్టి విరేచనం అయి మలద్వారం దగ్గర చీలింది. రక్తం వచ్చింది, పిల్లవాడు కెవ్వుమన్నాడు. ఆ మరునాటి నుండి దొడ్డికి వచ్చినప్పుడల్లా తలుపు వెనక్కి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు రెండూ కత్తెరలా బిగించి, ముఖం ఎర్రగా చేసుకుంటాడు. "పాపం, ఎంత ముక్కుతున్నాడో" అని ఇంట్లో వాళ్ళు అనుకున్నారు. వాడు ముక్కడం లేదు. బిగబట్టుకుంటున్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి పేగు పని ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే వైద్యమంతా దీని మీదే ఆధారపడి ఉంది. పెద్దపేగు చివర, మలద్వారానికి పైన, మలం నిలిచే సంచి లాంటి భాగం ఉంటుంది. దానిని మలాశయం అంటారు. అది నిండి సాగినప్పుడు "వెళ్ళాలి" అనే కబురు మెదడుకు అందుతుంది. పిల్లవాడు నొప్పికి భయపడి ఆపుకుంటే ఆ కబురు కాసేపటికి తగ్గిపోతుంది. లోపల మిగిలిన మలంలో నుండి పేగు నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. మరునాటికి అది ఇంకా గట్టిపడి, ఇంకా లావవుతుంది. అది బయటకు వచ్చినప్పుడు మళ్ళీ చీలుతుంది, మళ్ళీ నొప్పి, మళ్ళీ బిగబట్టడం. ఇలా నెలల తరబడి సాగితే మలాశయం పాత రవికెలా సాగిపోయి, నిండినా కబురు పంపదు. అప్పుడు ఆ గట్టి ముద్ద పక్కల నుండి పైనున్న పల్చటి మలం పిల్లవానికి తెలియకుండానే జారి నిక్కరుకు అంటుతుంది. నాయనమ్మ గారు చూసిన "విరేచనాలు" అవే. దానికి విరేచనాలు కట్టే మందు ఇస్తే, నిండిన కుండకు మూత బిగించినట్టయింది. నిక్కరు పాడుచేసుకున్నాడని కొట్టడం కూడా అంతే అన్యాయం. వాడి స్వాధీనంలో లేని పని అది.

కనుక మొదటి ప్రశ్నకు జవాబు: ఈ బిడ్డ పేగులో రోగం ఉందనడానికి ఏ గుర్తూ కనబడడం లేదు. పుట్టుకలో అంతా సరిగా ఉంది. బరువు పెరుగుతున్నాడు, పరుగెత్తుతున్నాడు, పొట్ట ఉబ్బి లేదు, వాంతులు లేవు. ఎడమవైపు పొత్తికడుపులో చేతికి మెత్తటి గడ్డలా తగులుతోందని ఆమె వ్రాసింది, నిలిచిపోయిన మలమే అలా తగులుతుంది. రక్తం మలంలో కలిసిపోయి కాక, పైన చారలాగా ఎర్రగా ఉంది గనుక అది చీలిక నుండి వచ్చినది. అయినా ఉత్తరం చదివి తేల్చేయడం సరికాదు. ఒక డాక్టరు పొట్టను, నడుము కింది భాగాన్ని, మలద్వారాన్ని కళ్ళతో చూడాలి. ఇలాంటి బిడ్డకు సాధారణంగా స్కానింగు, ఎక్స్‌రే అవసరం ఉండదు.

రెండవ ప్రశ్న తిండి గురించి. తప్పంతా తిండిదే అనడం నాకు నచ్చదు. ఎందుకంటే ఆ మాట విన్న తల్లి పిల్లవానికి బలవంతంగా ఆకుకూరలు కుక్కి, చెంబులకు చెంబులు నీళ్ళు తాగించి, చివరికి ఏమీ ఫలితం లేదని మానుకుంటుంది. ఆగిపోయిన మలం లోపలే ఉండగా పీచు ఎక్కువ పెడితే ముద్ద ఇంకా పెద్దదవుతుంది. దాహానికి తగినంత నీరు చాలు, అంతకుమించి తాగించినందువల్ల మలం మెత్తబడదు. అయితే ఈ ఇంట్లో ఒక సంగతి మాత్రం మార్చాలి. స్వంత గేదె ఉంది గనుక బాబుకు రోజుకు మూడు పావులు, అంటే 750 మిల్లీలీటర్ల పాలు పడుతున్నారు. దానితో కడుపు నిండి అన్నం, పప్పు, కూర ముట్టడు. ఈ వయస్సు పిల్లలకు రోజుకు అరలీటరుకు మించి పాలు అక్కరలేదు. మిగిలిన ఆకలి జొన్నరొట్టెకు, రాగి సంకటికి, కందిపప్పులో వేసిన తోటకూరకు, బీరకాయ కూరకు, జామపండుకు, బొప్పాయికి ఉండనివ్వాలి. బిస్కెట్లు, మైదాతో చేసిన తినుబండారాలు తగ్గించాలి. ఇంట్లో వాళ్ళందరూ తినే తిండే వాడూ తింటే చాలు, ప్రత్యేకంగా ఏదీ వండనక్కరలేదు.

వైద్యం రెండు మెట్లుగా జరగాలి. మొదటి మెట్టు, లోపల పేరుకున్నదంతా ఖాళీ చేయడం. దీనిని వదిలేసి రెండవ మెట్టు ఎక్కితే మందు పని చేయదు, ఇక్కడే చాలామంది తప్పిపోతారు. ఇందుకు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి మంచిది. అది నీటిలో కరుగుతుంది. పేగు దానిని పీల్చుకోదు, నీటిని తనతో పట్టుకుని మలంలోనే ఉండి దానిని మెత్తబరుస్తుంది. ఖాళీ చేయడానికి బిడ్డ బరువులో ప్రతి కిలోకు రోజుకు 1 నుండి 1.5 గ్రాముల చొప్పున, మూడు నుండి ఆరు రోజులు ఇస్తారు. 14 కిలోల ఈ బాబుకు అది రోజుకు 14 నుండి 21 గ్రాములు అవుతుంది. ఎన్ని గ్రాములకు ఎంత నీరు కలపాలో పొట్లం మీద వ్రాసి ఉంటుంది, అంతే కలపాలి. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఏమీ జరగకపోవచ్చు. తర్వాత గట్టి ముద్దలు, ఆ తర్వాత మెత్తగా, చివరికి ముద్దలేవీ లేని నీళ్ళ విరేచనం అవుతుంది. అప్పుడే లోపల ఖాళీ అయినట్టు లెక్క. ఈ రోజుల్లో కడుపు పట్టేసినట్టుండి నిక్కరు ఎక్కువగా పాడవుతుంది గనుక బడి లేని రోజులు చూసి మొదలుపెట్టడం తెలివైన పని. ఈ లెక్క ఎలా వస్తుందో మీకు తెలియాలని చెప్పాను గాని, మీ బిడ్డకు ఎంతో నిర్ణయించవలసింది బిడ్డను చూసిన డాక్టరే.

రెండవ మెట్టు, మళ్ళీ పేరుకోకుండా చూడడం. అదే పొడిని తక్కువ మోతాదులో, కిలోకు రోజుకు సుమారు 0.4 గ్రాము చొప్పున మొదలుపెడతారు. ఈ బాబుకు అయిదారు గ్రాములు. రోజుకొకసారి, నొప్పి లేకుండా, అరటిపండు గుజ్జులా మెత్తగా అయ్యేలా మోతాదును కొంచెం పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. ఆ పొడి దొరకనిచోట లాక్టులోజ్ సిరప్ వాడవచ్చు. సాధారణంగా దొరికే సిరప్‌లో 15 మిల్లీలీటర్లకు 10 గ్రాముల మందు ఉంటుంది. 14 కిలోల బిడ్డకు రోజంతటికీ కలిపి 20 నుండి 40 మిల్లీలీటర్లు, రెండు పూటలుగా ఇస్తారు. దానితో మొదట్లో గ్యాసు, కడుపు ఉబ్బరం కొంచెం ఉంటాయి.

ఇది ఎన్నాళ్ళు? తల్లులు అన్నిటికంటె ఎక్కువగా తప్పుచేసేది ఇక్కడే. పదిహేను రోజులకు విరేచనం సరిగా అవుతుంది, నొప్పి పోతుంది, మందు అలవాటైపోతుందేమోనని సీసా పక్కన పెడతారు. నెల తిరగకుండానే మళ్ళీ రాయి. సాగిన మలాశయం తిరిగి తన కొలతకు రావడానికి నెలలు పడుతుంది. పిల్లవాని మనస్సులోని భయం పోవడానికి ఇంకొంత ఎక్కువే పడుతుంది. కనీసం రెండు నెలలు వాడాలి. పూర్తిగా బాగున్న తర్వాత ఇంకొక నెల చూసి, అప్పుడు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ మానాలి. ఏడాదిన్నరగా బాధ ఉన్న ఇలాంటి బిడ్డకు ఆరు నెలలు, ఏడాది కూడా పట్టవచ్చు. ఈ మందులు పేగును సోమరిని చేయవు, అలవాటు కావు. ఈ భయం ఒక్కటి వదిలితే సగం పని అయిపోతుంది.

మందుతో పాటు కూర్చోబెట్టడం ఉంది. అన్నం తినగానే పెద్దపేగు తనంతట తాను కదులుతుంది. కనుక ఉదయం టిఫిను తర్వాత, రాత్రి భోజనం తర్వాత ఐదు నుండి పది నిమిషాలు కూర్చోబెట్టండి. అయినా కాకపోయినా లేపేయండి. మన మరుగుదొడ్డిలో గొంతుకూర్చోవడం విరేచనానికి మంచి భంగిమే. కాని నాలుగేళ్ళ పిల్లవానికి ఆ గుంత పెద్దగా, చీకటిగా, భయంకరంగా కనిపిస్తుంది. పాదాలు రెండూ గట్టిగా ఆనేలా రెండు ఇటుకలు వేసి, తల్లో తండ్రో చేయి పట్టుకుని నిలబడితే చాలు. కుర్చీలాంటి దొడ్డి అయితే కాళ్ళ కింద ఒక పీట వేయండి, వేలాడే కాళ్ళతో ముక్కడం పెద్దవాళ్ళకే కష్టం. గోడ మీద క్యాలెండరులో విరేచనం అయిన రోజు ఒక గీత, నిక్కరు పాడైన రోజు ఒక చుక్క పెట్టండి. డాక్టరుకు అది చూపిస్తే ఎంతో మేలు. బడిలో మరుగుదొడ్డి సరిగా లేక రోజంతా బిగబట్టుకునే పిల్లల విషయం వేరే వ్రాయవలసినంత ఉంది. ఇప్పటికి టీచరమ్మతో ఒక మాట చెప్పి ఉంచండి.

ఇంతవరకు చెప్పినది తిండి, అలవాటు, భయం కలిసి తెచ్చే మలబద్ధకం. పిల్లల్లో వందకు తొంభై పాళ్ళకు పైగా ఇదే. కాని ఆ మిగిలిన కొద్దిమంది ఎవరో తెలియకుండా అందరికీ ఇదే మందు పోస్తూ పోతే ప్రాణం మీదికి వస్తుంది. వాళ్ళ గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

పై బాబు పక్కన మరో బిడ్డను పెట్టి చూడండి. ఎనిమిది నెలల మగబిడ్డ. ఆసుపత్రిలోనే పుట్టాడు. రెండు రోజులైనా నల్లటి మలం కాలేదు. మూడవరోజు ఎవరో పెద్దమ్మ మలద్వారంలో సబ్బు ముక్క పెడితే అయింది. ఇంటికి వచ్చాక కూడా నాలుగైదు రోజులకొకసారి సబ్బు ముక్కో, ఆముదంలో ముంచిన తమలపాకు తొడిమో పెడితేనే అవుతుంది. అప్పుడు గ్యాసుతో కలిసి ఒక్కసారిగా పిచికారిలా చిమ్ముతుంది. పొట్ట ఎప్పుడూ కుండలా ఉబ్బి, నరాలు తేలి ఉంటుంది. చేతులు కాళ్ళు సన్నం. అప్పుడప్పుడు ఆకుపచ్చ వాంతి. ఎనిమిది నెలలకు ఐదున్నర కిలోలు. ఈ బిడ్డ ఎవరికీ భయపడి బిగబట్టుకోలేదు. ఆ వయస్సులో ఆ తెలివే లేదు. తల్లిపాలు తాగే పసిబిడ్డకు తిండి లోపమని చెప్పడానికీ వీలులేదు.

ఇది హిర్ష్‌స్ప్రుంగ్ వ్యాధి అయి ఉండవచ్చు. కోపెన్‌హాగన్‌లోని హరాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్ అనే పిల్లల డాక్టరు 1886లో ఇలాంటి ఇద్దరు శిశువుల గురించి వివరించడంతో ఆ పేరు వచ్చింది. దాదాపు 5,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. బిడ్డ గర్భంలో ఉండగా పేగు గోడలోనికి చిన్న చిన్న నాడీకణాలు పైనుండి కిందికి పాకుతూ వస్తాయి. ఈ బిడ్డల్లో అవి చివరి వరకు రాకుండా మధ్యలో ఆగిపోతాయి. ఆ కణాలు లేని చివరి ముక్క వదులు కాలేక ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. పైనున్న మంచి పేగు తోసి తోసి ఉబ్బిపోతుంది. చూడడానికి పాడైనట్టున్న ఉబ్బిన పేగు నిజానికి మంచిది, మామూలుగా సన్నగా కనిపించేదే రోగమున్న ముక్క. పాత కాలపు వైద్యులు ఈ సంగతి తెలియక ఉబ్బిన భాగాన్నే కోసేవారు, బాధ మళ్ళీ వచ్చేది. బిగుసుకున్న ముక్కను తీసివేసి మంచి పేగును కిందికి లాగి కలిపే ఆపరేషను 1948లో వచ్చింది. నేటికీ దాని రకాలే చేస్తున్నారు.

డాక్టరు వేలితో పరీక్షించినప్పుడు ఈ ఇద్దరు బిడ్డల మధ్య తేడా స్పష్టంగా తెలుస్తుంది. మొదటి బాబులో వేలికి వెంటనే గట్టి మలం తగులుతుంది, మలాశయం వెడల్పుగా ఉంటుంది. రెండవ బిడ్డలో మలాశయం ఖాళీగా, వేలిని పట్టేసినట్టు బిగుతుగా ఉంటుంది. వేలు తీయగానే గ్యాసూ మలమూ చిమ్ముకొస్తాయి. ఇంట్లోనే తెలిసే తేడా కూడా ఒకటుంది. నిక్కరుకు మలం అంటుకోవడం మొదటి రకంలో మామూలు, హిర్ష్‌స్ప్రుంగ్‌లో అరుదు.

ఇంటి వైద్యం గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. సబ్బు మలాశయపు పొరను మంట పుట్టించి పుండు చేస్తుంది, అది తెలిసినదే. అంతకంటె పెద్ద నష్టం వేరే ఉంది. సబ్బు ముక్క పెడితే ఎలాగో అవుతోంది గనుక "మా వాడికి అంతేలే" అని ఇంట్లో వాళ్ళు సర్దుకుంటారు, రోగం నెలల తరబడి దాగిపోతుంది. "ఏదో ఒకటి పెడితే గాని కాదు" అన్న మాటే ఒక గుర్తు. పసిబిడ్డ విషయంలో ఆ మాట ఎవరు చెప్పినా, వారిని పిల్లల డాక్టరు దగ్గరకు పంపండి. పసిబిడ్డల నోట్లో, ముక్కులో ఆముదం పోయడం మరీ ప్రమాదం. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే తగ్గించడం కష్టమైన నిమ్ము చేస్తుంది. ఏడాది లోపు బిడ్డకు తేనె కూడా పెట్టవద్దు, దాని ద్వారా ఒక విషక్రిమి పేగులో చేరి ఒళ్ళంతా చచ్చుబడేలా చేయగలదు.

అయితే ప్రతి పసిబిడ్డ విషయంలోనూ బెంబేలు పడకండి. నెలన్నర దాటి కేవలం తల్లిపాలు తాగే బిడ్డ వారం రోజులు విరేచనానికి వెళ్ళకపోయినా, వెళ్ళినప్పుడు మెత్తగా ఉండి, పొట్ట ఉబ్బకుండా, బాగా పాలు తాగుతూ బరువు పెరుగుతుంటే అది మలబద్ధకం కాదు. కొందరు చంటిపిల్లలు పది నిమిషాలు ఎర్రబడి ఏడ్చి, మెత్తటి మలమే వేస్తారు. ముక్కడమూ వదలడమూ ఒకేసారి చేయడం ఇంకా నేర్చుకోలేదన్నమాట. అక్కడ ఏమీ పెట్టవలసిన పనిలేదు.

హిర్ష్‌స్ప్రుంగ్ అనుమానం వస్తే మలద్వారం గుండా బేరియం వంటి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. రోగం తేల్చేది మాత్రం మలాశయపు పొర నుండి చిటికెడు ముక్క తీసి మైక్రోస్కోపు కింద నాడీకణాలున్నాయో లేవో చూడడం. చంటిబిడ్డలో ఆ ముక్క తీసేచోట నొప్పి తెలిసే నరాలు ఉండవు గనుక దానికి భయపడి వెనక్కి రావద్దు. బిడ్డ బలహీనంగా ఉంటే ముందు పొట్ట మీద తాత్కాలికంగా మలానికి దారి చేసి, తర్వాత అసలు ఆపరేషను చేస్తారు. పొట్ట మీద సంచి చూసి ఊళ్ళో అనే మాటలు పట్టించుకోకండి, కొన్ని నెలల్లో అది మూసేస్తారు. ఆపరేషను తర్వాత ఎక్కువమంది బాగానే పెరుగుతారు. కొందరికి మాత్రం మలబద్ధకమో, పేగు వాపో కొన్నాళ్ళు వెంటాడుతుంది, అందుకు వరుసగా చూపించుకుంటూ ఉండాలి. ఈ పని పిల్లల సర్జన్ ఉన్నచోటే చేయించాలి. హైదరాబాదు నీలోఫర్, విశాఖపట్నం కింగ్ జార్జ్ వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారు ఉంటారు. ఖర్చు విషయం ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు తీసుకెళ్ళి అక్కడే అడగండి.

ఆలస్యం ఎందుకు కూడదంటే, నిలిచిన మలంలో క్రిములు పెరిగి ఈ బిడ్డల పేగు ఒక్కసారిగా వాచిపోవచ్చు. అప్పటివరకు మలబద్ధకమున్న బిడ్డకు జ్వరం, ఉబ్బిన పొట్ట, భరించలేని దుర్వాసనతో చిమ్మే నీళ్ళ విరేచనాలు వస్తాయి. "అమ్మయ్య, కడుపు ఖాళీ అయింది" అని సంతోషించే సమయం కాదది. గంటల్లో ప్రాణం తీయగలదు.

మరికొన్ని కారణాలు తక్కువగానే కనబడతాయి గాని కళ్ళతో చూసి పట్టుకోదగినవి. మలద్వారం ఉండవలసిన చోట కాక ముందుకు జరిగి, లేదా మరీ సన్నగా ఉండడం ఒకటి. స్నానం చేయించేటప్పుడు తల్లే చూడవచ్చు. నడుము కింద వెన్నుపూస మీద లోతైన గుంటో, వెంట్రుకల కుచ్చో ఉండి, దానితో పాటు కాళ్ళలో బలం తగ్గడం, మూత్రం చుక్కలుగా కారడం ఉంటే వెన్నులో నరాల లోపం చూడాలి. ఇక్కడ మాత్రం నిక్కరు పాడవడం కూడా ఉంటుందని గుర్తుంచుకోండి. మూడవది థైరాయిడ్ గ్రంథి పుట్టుకతో సరిగా పనిచేయకపోవడం. అలాంటి బిడ్డ ఎక్కువ నిద్రపోతూ, బొంగురు గొంతుతో ఏడుస్తూ, నాలుక లావుగా, బొడ్డు ఉబ్బి, పసికామెర్లు వారాలు గడిచినా తగ్గక ఉంటుంది. పెరుగుదల ఆగుతుంది. ఒక చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది. మొదటి రెండు వారాల్లోనే మాత్ర మొదలైతే బిడ్డ తెలివితేటలు దక్కుతాయి. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు. ఇది మలబద్ధకమని ఆముదం పట్టుకుంటూ కూర్చోవలసినది ఎంతమాత్రం కాదు.

ఇక కడుపునొప్పి. మలబద్ధకపు నొప్పి బొడ్డు చుట్టూ వచ్చి పోతుంటుంది, విరేచనం అయ్యాక తగ్గుతుంది, మధ్యలో పిల్లవాడు ఆడుకుంటాడు. అలా కాక నొప్పి కుడివైపు కిందికి దిగి గంటగంటకూ పెరుగుతూ, నడిస్తే ఎక్కువవుతూ, జ్వరం, వాంతులు ఉంటే అపెండిక్స్ కావచ్చు. ఏడాది లోపు బిడ్డ కాసేపటికొకసారి కాళ్ళు ముడుచుకుని కెవ్వున ఏడ్చి, మధ్యలో నీరసంగా వాలిపోయి, జామ్ లాంటి ఎర్రటి జిగట రక్తం వేస్తే పేగులో పేగు దూరి ఉండవచ్చు. ఈ రెండింటిలోనూ విరేచనపు మందు ఇవ్వకూడదు, ఎనిమా చేయకూడదు.

ఆకుపచ్చ వాంతి, బిగుసుకున్న పొట్ట, జ్వరంతో నీరసం, గ్యాసు కూడా పోకపోవడం వీటిలో ఏది కనిపించినా తెల్లవారే వరకు ఆగకుండా ఆ రాత్రికే బయలుదేరండి. వాంతులు అవుతున్న బిడ్డకు డాక్టరు చూసేవరకు నోటి ద్వారా ఏమీ పెట్టవద్దు. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, బరువులు వ్రాసిన అంగన్‌వాడీ పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. మొదటి మలం ఎన్నో గంటకు అయిందో, బాధ ఏ నెలలో మొదలైందో, ఇంట్లో ఏమేమి పెట్టారో, ఏమేమి పట్టారో ఒక చీటీ మీద వ్రాసుకుని డాక్టరు చేతికివ్వండి. సబ్బు సంగతి దాచవద్దు.